ఒక కాలనీలో కుండపోత, పక్క వీధిలో పొడి నేల: వాన ఇలా ఎందుకు కురుస్తుంది?

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లోనూ, తిరిగి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ సాయంత్రం వేళ కురిసే వానలు నగరమంతటా ఒకేలా కురవవు. లక్డీకాపూల్‌లో వాహనాలు మోకాలి లోతు నీటిలో ఆగిపోయిన సమయానికి, అక్కడి నుంచి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలోని హిమాయత్‌నగర్‌లో రోడ్డు మీద చుక్క కూడా పడి ఉండకపోవచ్చు. ఒక్కోసారి ఆ హద్దు ఇంకా దగ్గరగా, ఒకే వీధిలో ఈ చివరకూ ఆ చివరకూ మధ్యనే కనిపిస్తుంది. పైన చూస్తే ఆకాశమంతా ఒకే నల్లని మబ్బు పరుచుకున్నట్లు ఉంటుంది కనుక, కింద ఇంత తేడా రావడం వింతగా తోస్తుంది. కొందరు దీన్ని కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేస్తారు. ఏ వీధి తడుస్తుందన్నది చాలా వరకు యాదృచ్ఛికమే అయినా, ఒకచోట తడిస్తే పక్కచోట పొడిగా ఉండిపోవడం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఒకచోట భారీగా కురిపించే ప్రక్రియే దాని చుట్టుపక్కల వానను అడ్డుకుంటుంది. ఈ వ్యాసంలో వివరించదలచినది ముఖ్యంగా ఆ సంగతే.

ముందుగా రెండు రకాల వానలను వేరుచేసి చూడాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడు రోజంతా పట్టే ముసురు ఒక రకం. అప్పుడు వందల కిలోమీటర్ల మేర గాలి చాలా నెమ్మదిగా, సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగంతో పైకి లేస్తుంది, మబ్బు పరుపులా పరుచుకుంటుంది, జిల్లాకు జిల్లా తడుస్తుంది. ఉరుములు, మెరుపులతో వచ్చే సాయంకాలపు వాన రెండో రకం. దీన్ని కురిపించేవి క్యుములోనింబస్ మేఘాలు. వీటిలో గాలి సెకనుకు 5 నుంచి 10 మీటర్ల వేగంతో, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ వేగంతో, నిట్టనిలువుగా పైకి దూసుకుపోతుంది. మేఘం అడుగు నేల నుంచి కిలోమీటరు లేదా కిలోమీటరున్నర ఎత్తులో ఉంటే, తల 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తు వరకు వెళుతుంది. అంత ఎత్తున్న ఈ మేఘం అడ్డంగా మాత్రం ఐదు నుంచి పది కిలోమీటర్లకు మించి ఉండదు. అందులోనూ గట్టిగా కురిసే నడిమి భాగం రెండు మూడు కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. మనకు కనిపించే నల్లని మబ్బులో అధిక భాగం, పై ఎత్తులో గాలికి పక్కలకు విస్తరించిన మేఘపు తల మాత్రమే. దాని నీడ నగరం సగం మీద పడవచ్చు గాని, వాన దాని కింద ఒక మూలనే కురుస్తూ ఉంటుంది.

మేఘం అంత ఇరుకుగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు నీటి లెక్కలో దొరుకుతుంది. వర్షాకాలంలో ఒక చోట నేల నుంచి ఆకాశం అంచు వరకు ఉన్న గాలిలోని నీటి ఆవిరినంతా పిండి నేల మీద పోస్తే, అది సుమారు ఐదారు సెంటీమీటర్ల మందాన నిలుస్తుంది. అయితే ఏ మేఘమూ తన పైనున్న ఆవిరినంతా వానగా మార్చలేదు. అయినా ఒక గంటలో ఒక కాలనీ మీద 7 లేదా 8 సెంటీమీటర్ల వాన పడడం మనం చూస్తూనే ఉంటాం. అంటే ఆ నీరు ఆ కాలనీ మీది గాలిలో ఉన్నది కాదు. నలుపక్కల నుంచి తేమగాలి వచ్చి మేఘం అడుగున చేరి, పైకి లేచి, అక్కడ నీరుగా మారి కిందికి పడింది. నాలుగు చదరపు కిలోమీటర్ల మీద ఐదు సెంటీమీటర్ల వాన పడిందంటే 20 కోట్ల లీటర్ల నీరు దిగినట్లు. దాన్ని సమకూర్చడానికి మేఘం తన కింది నేల కన్నా ఎన్నో రెట్ల విస్తీర్ణం నుంచి తేమను లాక్కోవలసి వస్తుంది. చుట్టుపక్కల వీధుల మీద ఉన్న తేమ కూడా ఆ లెక్కలోదే.

ఇలా ఒకే చోటికి తేమ చేరడం ఒకసారి మొదలైతే, దాన్ని మరింత బలపరిచే శక్తి మేఘంలోనే పుడుతుంది. ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది. ఆ వేడి వల్ల మేఘం లోపలి గాలి చుట్టూ ఉన్న గాలి కన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉండి, ఇంకా పైకి పోతుంది. అది పైకి పోయిన కొద్దీ కింద ఏర్పడిన వెలితిని నింపడానికి మరింత తేమగాలి లోపలికి వస్తుంది. ముందుగా ఎదిగిన మేఘం పక్కనున్న చిన్న మేఘాల ఆహారాన్ని ఈ విధంగా లాగేసుకుంటుంది.

తేమను లాక్కోవడం ఒక్కటే అయితే పక్క వీధిలో వాన తగ్గేదే గాని పూర్తిగా ఆగేది కాదు. అసలు అడ్డంకి పై నుంచి వస్తుంది. పైకి వెళ్లిన గాలికి బదులుగా మరెక్కడో గాలి కిందికి దిగక తప్పదు. ఎసరు మరిగే గిన్నెలో నీరు కొన్ని చోట్ల ఉబికి పైకి వస్తే, ఆ చోట్ల మధ్యలో అదే నీరు కిందికి దిగుతూ ఉంటుంది, ఆకాశంలోనూ అంతే. మేఘంలో పది చదరపు కిలోమీటర్ల మేర గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో లేస్తోందనుకుంటే, దానికి సరిపడా చుట్టూ 500 చదరపు కిలోమీటర్లలో గాలి సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున దిగాలి. ఇది మనకు తెలియనంత నెమ్మదైన కదలిక. అయినా దాని ప్రభావం పెద్దది, ఎందుకంటే కిందికి దిగే గాలి ప్రతి కిలోమీటరుకూ సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో ఉన్న తేమ శాతం పడిపోతుంది, అందులో ఉన్న చిన్న మేఘాలు కరిగిపోతాయి, కింది నుంచి లేవబోయే గాలికి ఆ వెచ్చని పొర మూతలా అడ్డుపడుతుంది. కనుక భారీ వాన పడుతున్న చోటికి పక్కనే ఎండ కాయడంలో, లేదా ఉక్కపోత తప్ప మరేమీ లేకపోవడంలో వింత లేదు. అక్కడి వాన ఇక్కడి గాలిని కిందికి అణచివేస్తోందన్నమాట.

ఇక హద్దు అంత పదునుగా, కొన్ని వందల మీటర్లలోనే తేలిపోయేలా ఎందుకు ఉంటుందో చూడాలి. దీనికి చినుకుల పరిమాణంతో సంబంధం ఉంది. ఐదు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పడుతుంది. ఒక మిల్లీమీటరు చినుకు వేగం సుమారు 4 మీటర్లే. మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి బయలుదేరితే పెద్ద చినుకు ఐదున్నర నిమిషాల్లో నేలను చేరుతుంది, చిన్నదానికి పన్నెండు నిమిషాలకు పైనే పడుతుంది. ఆ సమయమంతా సెకనుకు 5 మీటర్ల గాలి పక్కకు నెడుతోందనుకుంటే, పెద్ద చినుకు ఒకటిన్నర కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరం, చిన్న చినుకు మూడున్నర కిలోమీటర్లకు పైగా కొట్టుకుపోతాయి. అలా అయితే వాన పక్కలకు పలచగా వ్యాపించి, ఒక చోట ఎక్కువ, మరో చోట తక్కువగా క్రమంగా తగ్గుతూ పోవాలి కదా అనిపించవచ్చు. గాలి తేమగా ఉన్న వర్షాకాలపు రాత్రుల్లో చాలా వరకు అలాగే జరుగుతుంది. కాని వేసవి సాయంత్రం మేఘం వెలుపల గాలి పొడిగా ఉంటుంది. పక్కకు కొట్టుకుపోయిన చిన్న చినుకులు ఆ పొడి గాలిలో దారిలోనే ఆవిరైపోతాయి. దూరం నుంచి చూసేవారికి మేఘం కింద బూడిద రంగు చారలు వేలాడుతూ, నేలను తాకకుండానే మాయమవుతూ కనిపించేది ఇందువల్లనే. మిగిలేది పెద్ద చినుకులు పడే నడిమి భాగం మాత్రమే. వాన అంచున నిలబడి గమనిస్తే, సన్న తుంపర ఉండవలసిన చోట పావలా కాసంత తడి మచ్చలు దూరం దూరంగా టపటపా పడుతూ కనిపిస్తాయి. అక్కడి నుంచి నాలుగడుగులు లోపలికి వెళితే తెల్లని తెర, వెనక్కి వస్తే పొడి నేల.

మేఘం కదులుతుంది కాబట్టి, తడిసే చోటు ఒక గుండ్రని మచ్చలా మిగలదు, పొడవైన పట్టీలా ఏర్పడుతుంది. దీన్ని నగరం పటం మీద ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. మూడు కిలోమీటర్ల వెడల్పున్న వాన నడిమి భాగం మెహిదీపట్నం మీద మొదలై, ఈశాన్యంగా సికింద్రాబాద్ వైపు సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్ల వేగంతో సాగుతోందనుకుందాం. దాని దారి నడుమ గీత గీస్తే లక్డీకాపూల్ ఆ గీతకు అర కిలోమీటరు దూరంలో ఉంటుంది, అంటే వాన మధ్యలో పడుతుంది. హిమాయత్‌నగర్ రెండు కిలోమీటర్లకు పైగా పక్కన ఉంటుంది. వాన అంచు గీతకు ఒకటిన్నర కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అక్కడ ఏమీ పడదు. చార్మినార్ ఇంకా ఎడంగా ఉంటుంది. ఇప్పుడు లక్డీకాపూల్‌లో ఎంత పడుతుందో లెక్క వేద్దాం. మూడు కిలోమీటర్ల వెడల్పు ఒక చోటును దాటడానికి పది నిమిషాలు పడుతుంది. గంటకు 90 మిల్లీమీటర్ల తీవ్రతతో కురుస్తోందంటే ఆ పది నిమిషాల్లో 15 మిల్లీమీటర్లు పడుతుంది. అది గట్టి జల్లే గాని వరద కాదు. అదే మేఘం పై గాలులు బలహీనంగా ఉండి సెకనుకు ఒక్క మీటరు వేగంతోనే కదిలితే, అదే చోట 50 నిమిషాలు కురిసి 75 మిల్లీమీటర్లు కుమ్మరిస్తుంది. మేఘం బలం ఏమీ పెరగలేదు, నడక మాత్రమే మందగించింది. రెండు సందర్భాల్లోనూ హిమాయత్‌నగర్‌కు దక్కింది శూన్యమే. నా దృష్టిలో నగర వరదల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మరిచిపోయే విషయం ఇదే: వాన ఎంత జోరుగా ఉందన్నదానితో సమానంగా, అది ఎంతసేపు కదలకుండా నిలిచిందన్నది కూడా చూడాలి.

నిజానికి ఒక్క మేఘం అరగంట నుంచి గంటకు మించి బతకదు. వానతో పాటు చల్లబడిన గాలి కూడా బరువెక్కి కిందికి దిగి, నేలను తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. అది మేఘం అడుగున వెచ్చని తేమగాలి రాకుండా దారి మూసివేస్తుంది, మేఘం క్షీణిస్తుంది. వాన పడని వీధిలో ఉన్నవారికి ఈ ఘట్టం బాగా పరిచయమైనదే. ఉన్నట్టుండి చల్లని ఈదురుగాలి లేస్తుంది, దుమ్ము రేగుతుంది, కిటికీ తలుపులు కొట్టుకుంటాయి, ఎక్కడి నుంచో మట్టి వాసన వస్తుంది, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు, ఇక వాన వచ్చేసినట్టే అనుకుంటారు. వాన రాదు. ఎందుకంటే ఆ చల్లగాలి వాన పడిన చోటు నుంచి పది, ఇరవై కిలోమీటర్ల వరకు కూడా ప్రయాణించగలదు, వాన మాత్రం అంత దూరం రాలేదు. ఆ గాలి తాకిన తరువాత వీధిలో ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పడిపోతుంది, నేల దగ్గర గాలి బరువుగా మారుతుంది, అక్కడ కొత్త మేఘం పుట్టడానికి కావలసిన వేడి కాసేపటికి లేకుండా పోతుంది. అంటే పొడిగా మిగిలిన వీధి, ఆ సాయంత్రం తరువాత కూడా పొడిగానే మిగిలే అవకాశం ఎక్కువ.

కొత్త మేఘం ఆ చల్లగాలి ముందంచున పుడుతుంది. అక్కడ చల్లని గాలి వెచ్చని గాలి కిందికి చొచ్చుకుపోయి దాన్ని పైకి ఎగదోస్తుంది. రెండు వేర్వేరు వానల నుంచి వచ్చిన చల్లగాలులు ఎదురుబొదురుగా ఢీకొన్న చోట ఈ ఎగదోత మరీ గట్టిగా ఉంటుంది. ఉప్పల్ వైపు, మియాపూర్ వైపు ఒకే సమయంలో వానలు పడితే, ఆ రెండింటి గాలులు నడుమ ఎక్కడో కలుసుకుని, అప్పటి వరకు పొడిగా ఉన్న చోట మూడో వానను పుట్టించవచ్చు. మేఘాలు ఒకదాని వెనుక ఒకటి ఒకే చోట పుట్టి ఒకే దారిన పోతుంటే, ఒక్కొక్కటి గంటకు మించి బతకకపోయినా, ఆ పట్టీలోని వారికి మూడు నాలుగు గంటలు ఎడతెగని వానగానే అనిపిస్తుంది. పెద్ద నష్టాలు ఎక్కువగా ఈ రకం వానలవల్లనే జరుగుతాయి.

మొదటి మేఘం ఎక్కడ పుడుతుందన్నదానికి ఇంత స్పష్టమైన జవాబు లేదు. కాంక్రీటు ఎక్కువగా ఉన్న చోట నేల వేడిగా ఉండడం, గుట్టల వాలు, చెరువు ఒడ్డున గాలిలో వచ్చే చిన్న తేడా, ముందురోజు తడిసిన నేలకూ ఎండిన నేలకూ మధ్య తేడా, ఇవన్నీ గాలిని ఒకచోట కాస్త ముందుగా పైకి లేపగలవు. అయితే ఫలానా కాలనీలో ఎప్పుడూ వాన ఎక్కువని, ఫలానా వీధికి వాన రాదని ఒకటి రెండు ఏళ్ల అనుభవంతో తేల్చడం సరికాదు. మొత్తం నగరం మీద వేడి ప్రభావం ఉండవచ్చు గాని, వీధికీ వీధికీ మధ్య తేడా ఆ రోజు గాలుల మీద ఆధారపడినదే, ఎక్కువ సంవత్సరాలు కలిపి చూస్తే అది చాలా వరకు సర్దుకుంటుంది.

పెద్ద వాతావరణ వ్యవస్థ ఉన్నప్పుడు కూడా దాని లోపల ఈ ఇరుకు వానలు దాగి ఉండగలవు. 2005 జులై 26న ముంబైలో శాంతాక్రజ్ కేంద్రం 24 గంటల్లో 94.4 సెంటీమీటర్ల వాన నమోదు చేసింది. అక్కడికి దక్షిణాన సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కొలాబాలో నమోదైనది 7.3 సెంటీమీటర్లు. ఒకే నగరం, ఒకే నైరుతి రుతుపవనం, ఒకే రోజు. కొలాబా లెక్క ఒక్కటే చూసినవారికి అది వర్షాకాలంలో ఒక మామూలు భారీ వర్షం; శాంతాక్రజ్ వారికి జీవితకాలంలో ఎరగని వరద.

ఈ ఉదాహరణ కొలతల సమస్యను కూడా ఎత్తి చూపుతుంది. వాతావరణ శాఖ వాడే సాధారణ వానమాపకం మూతి విస్తీర్ణం 200 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక చిన్న పళ్లెమంత. అది తాను ఉన్న చోట పడిన వానను నిక్కచ్చిగా చెబుతుంది, పక్క కిలోమీటరు గురించి ఏమీ చెప్పదు. ముసురు పట్టిన రోజున ఒక వానమాపకం చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ ప్రాతినిధ్యం వహిస్తుంది. ఉరుముల వాన రోజున తన కాంపౌండు గోడ దాటితే దాని మాటకు భరోసా లేదు. బేగంపేట వాతావరణ కేంద్రంలో నమోదైన అంకె చిన్నదిగా ఉందని మన వీధిలో పడింది కూడా తక్కువేనని అనుకోవడం, లేదా అధికారుల లెక్క తప్పని అనుకోవడం, రెండూ పొరపాటే. అలాగే వాన పడని వీధిలోనూ నీరు నిలవవచ్చు. ఎగువన ఉన్న కాలనీలో పడిన వాన నాలాల గుండా పల్లానికి వస్తుంది కాబట్టి, రోడ్డు మీది నీటి లోతును చూసి అక్కడ పడిన వానను అంచనా వేయకూడదు.

వాతావరణ శాఖ సూచనలో ‘ఒకటి రెండు చోట్ల’ ఉరుములతో కూడిన వర్షాలు అని ఉంటే, ఆ ప్రాంతంలోని వర్షపాత కేంద్రాల్లో నాలుగో వంతు వరకు మాత్రమే వాన నమోదు కావచ్చని అర్థం. మిగతా ముప్పాతిక చోట్ల వాన రాకపోవడం ఆ సూచన ప్రకారం జరగవలసినదే. వీధి పేరుతో సహా ముందురోజే చెప్పలేకపోవడానికి కారణం పైన వివరించిన కొలతల్లోనే ఉంది. 2025 మేలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా వ్యవస్థ దేశాన్ని ఆరేసి కిలోమీటర్ల గళ్లుగా విభజించి లెక్క వేస్తుంది. అంతకు ముందున్న గళ్లు పన్నెండు కిలోమీటర్లవి. గంటలు ముందుగా ఒక రాష్ట్రంలో ఏ భాగానికి ముప్పు ఉందో చెప్పడంలో ఇది నిజమైన మెరుగుదల. కాని మూడు కిలోమీటర్ల వెడల్పున్న వాన ఆరు కిలోమీటర్ల గడిలో ఎక్కడ పడుతుందో ఆ లెక్కకు కనిపించదు. గళ్లను ఇంకా చిన్నవి చేసినా, మధ్యాహ్నం ఏదో ఒక గుట్ట దగ్గర ఉష్ణోగ్రతలో అర డిగ్రీ తేడా సాయంత్రానికి మేఘాన్ని ఐదు కిలోమీటర్లు పక్కకు జరపగలదు. ఆ అర డిగ్రీని కొలిచే పరికరం ప్రతి గుట్ట దగ్గరా ఉండదు.

మేఘం పుట్టిన తరువాత మాత్రం, వానను దూరం నుంచే పసిగట్టే డాప్లర్ రాడార్ చిత్రం బాగా ఉపయోగపడుతుంది. ఒక్క చిత్రంలో భారీ వానను సూచించే ఎరుపు మచ్చ ఎక్కడుందో చూసి ఊరుకోకుండా, పది పదిహేను నిమిషాల తేడాతో తీసిన రెండు మూడు చిత్రాలను వరుసగా చూడాలి. మచ్చ సాగిన దూరాన్ని బట్టి వేగం తెలుస్తుంది, సాగిన దిక్కులో గీతను పొడిగిస్తే మన ప్రాంతం ఆ పట్టీలో ఉందో పక్కన ఉందో తెలుస్తుంది. మచ్చ దాదాపు కదలకుండా ఒకే చోట ఉంటే, లేదా ముందు మచ్చ వెనుక అదే చోట మరో మచ్చ పుడుతుంటే, దాని కింద ఉన్నవారు జాగ్రత్త పడాలి, ఎందుకంటే వాన పేరుకునేది అక్కడే. అయితే ఈ అంచనా అరగంట వరకే నమ్మదగినది. అంతకు మించితే పాత మేఘం నీరసించి, దాని చల్లగాలి ముందంచున చిత్రంలో ఇంకా జాడలేని కొత్త మేఘం తయారవుతూ ఉంటుంది. అలాంటి మేఘం మొదటి బిందువు నుంచి కుండపోత వరకు రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు చాలు. వచ్చే మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ హెచ్చరికల్లో వీధి పేరుకు బదులు జిల్లా పేరు ఉండేది అందుకే.